ఫీడ్‌బ్యాక్ సగటు ఎక్కడ నమ్మాలి, ఎక్కడ నమ్మకూడదు: అనంతపురం జిల్లా కాలేజీల ఐక్యూఏసీ కో-ఆర్డినేటర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కో-ఆర్డినేటర్లకు, ప్రిన్సిపాళ్లకు నమస్కారం.

సెమిస్టర్ చివర్లో మన కాలేజీల్లో అధ్యాపకుల మీద విద్యార్థుల ఫీడ్‌బ్యాక్ తీసుకుంటున్నాం. 'చాలా బాగుంది' అంటే 5, 'బాగుంది' అంటే 4, 'పర్వాలేదు' అంటే 3, 'బాగాలేదు' అంటే 2, 'అస్సలు బాగాలేదు' అంటే 1. ఆ అంకెలన్నీ కూడి, పిల్లల సంఖ్యతో భాగించి, రెండు దశాంశ స్థానాల దాకా సగటు తీసి, అధ్యాపకుల పేర్లు పై నుంచి కిందికి వరుసగా వేస్తున్నాం. ఒక కాలేజీలో 3.50 కంటే తగ్గినవాళ్ల చేత సంజాయిషీ రాయించుకున్నారు. అక్కడి గెస్ట్ ఫ్యాకల్టీలో కొందరు వచ్చే ఏడాది ఉంటారో లేదో కూడా ఆ అంకె మీదే తేలింది. ఒక మనిషి జీతం ఆధారపడిన అంకె ఎలా పుట్టిందో అడగాల్సిన బాధ్యత మనకుంది. నేను ఈ ఊళ్లోనే డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెబుతాను కాబట్టి ఆ ప్రశ్న నేనే అడుగుతున్నాను.

సగటు తీయడమే తప్పని నేను అనడం లేదు. అలా అనేవాళ్లు ఉన్నారు. 1946లో స్టీవెన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొలమానాలను నాలుగు రకాలుగా విడగొట్టాడు. వాటిలో వరుసను మాత్రమే చెప్పే అంకెలను ఆర్డినల్ అన్నాడు. అలాంటి అంకెలకు మధ్యగతం, అంటే వరుసలో నడిమి విలువ, సరిపోతుందని, సగటు తీయడం కచ్చితంగా చూస్తే సరికాదని చెప్పాడు. అప్పటి నుంచి కొందరు దాన్ని శాసనంలా పట్టుకున్నారు, మరికొందరు పట్టించుకోవడమే మానేశారు. నా అభిప్రాయంలో ఇద్దరూ అసలు విషయం వదిలేశారు. సగటు చెల్లుతుందా లేదా అన్నది స్కేలు పేరును బట్టి తేలదు. మీ ముందున్న లెక్కలను బట్టి తేలుతుంది, దాన్ని ఐదు నిమిషాల్లో చూసుకోవచ్చు.

ముందు ఇబ్బంది ఎక్కడ వస్తుందో చూద్దాం. మన వేరుశనగనే తీసుకోండి. ఆకుమచ్చ తెగులు ఎంతుందో చూడటానికి పరిశోధకులు మడికి 1 నుంచి 9 దాకా స్కోరు వేస్తారు. తెగులు లేకపోతే 1. ఆకుల్లో 1 నుంచి 5 శాతం దెబ్బతింటే 2, 6 నుంచి 10 శాతమైతే 3. అలా వెళ్తూ 21–30 శాతానికి 5, 31–40 శాతానికి 6, 61–80 శాతానికి 8. కింది మెట్లు ఐదేసి శాతం, పై మెట్లు ఇరవయ్యేసి శాతం. ఇప్పుడు ఒక రకం రెండు మడుల్లో 3, 8 తెచ్చుకుందనుకోండి. ఇంకో రకం 5, 6 తెచ్చుకుంది. రెండింటి సగటు స్కోరూ 5.5. కానీ ఒక్కో మెట్టుకు మధ్యలో ఉన్న శాతాన్ని పెట్టి లెక్కేస్తే మొదటి రకంలో తెగులు సగటున సుమారు 39 శాతం, రెండో దాంట్లో సుమారు 30 శాతం. స్కోర్ల సగటు ఆ తేడాను పూర్తిగా దాచేసింది. ఎందుకంటే ఎగుడుదిగుడు మెట్లను అది సమానమైన మెట్లుగా లెక్కేసింది.

వేరుశనగ స్కేలులో ఒక సౌకర్యం ఉంది. స్కోరు వెనక శాతం ఉంది కాబట్టి మెట్టు ఎత్తెంతో మనకు తెలుసు, సరిచేసుకోవచ్చు. ఫీడ్‌బ్యాక్‌లో ఆ సౌకర్యం లేదు. 'బాగాలేదు' నుంచి 'పర్వాలేదు'కు ఉన్న దూరం, 'బాగుంది' నుంచి 'చాలా బాగుంది'కి ఉన్న దూరం సమానమా? కళ్యాణదుర్గం నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి పాఠం ఏమీ అర్థం కాక 1 పెట్టడం ఒక ఎత్తు, క్లాసు కాస్త బోర్ కొట్టి 2 పెట్టడం ఇంకో ఎత్తు. ఈ రెండింటి మధ్య దూరం 1 అని చెప్పింది పిల్లలు కాదు, మన ఫారం. న్యాక్ విద్యార్థుల సర్వేలో ఇలాంటి మాటలకే 0 నుంచి 4 దాకా అంకెలున్నాయి. ప్రతి అంకెలోంచీ 1 తగ్గించినా మెట్ల మధ్య దూరాలు మారవు కాబట్టి దానితో నష్టం లేదు. మెట్ల మధ్య దూరం మారితేనే నష్టం.

ఇప్పుడు అసలు ఉదాహరణ. ఈ అంకెలు విషయం తేటపడటానికి నేను వేసుకున్నవి, ఏ కాలేజీవీ కావు. ఇద్దరు అధ్యాపకులు, ఒక్కొక్కరికి వేరు వేరు సెక్షన్, ఒక్కో సెక్షన్‌లో 40 మంది. మొదటి అధ్యాపకుడికి 5 పెట్టినవాళ్లు 20 మంది, 4 పెట్టినవాళ్లు నలుగురు, 3 పెట్టినవాళ్లు ఇద్దరు, 2 పెట్టినవాళ్లు నలుగురు, 1 పెట్టినవాళ్లు పది మంది. రెండో అధ్యాపకురాలికి అదే వరుసలో నలుగురు, 20 మంది, పది మంది, నలుగురు, ఇద్దరు. కూడి చూడండి. ఇద్దరికీ మొత్తం 140, ఇద్దరికీ సగటు 3.50. మన జాబితాలో ఇద్దరూ పక్కపక్కనే ఉంటారు. 4 గానీ 5 గానీ పెట్టినవాళ్లను లెక్కపెట్టినా ఇద్దరికీ 24 మందే, అంటే 60 శాతం. ఆ లెక్కలోనూ తేడా కనబడదు.

కానీ ఈ రెండు క్లాసులూ ఒకటి కావు. మొదటి క్లాసులో సగం మంది ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు, నాలుగో వంతు మంది అస్సలు బాగాలేదన్నారు. రెండో క్లాసులో ఎక్కువ మంది బాగుందన్నారు, అంతే. అస్సలు బాగాలేదన్నవాళ్లు ఇద్దరే.

ఇప్పుడు మెట్ల దూరం మార్చి చూద్దాం. 'అస్సలు బాగాలేదు' అనేది మామూలు అసంతృప్తి కంటే బాగా పెద్ద విషయమని మీరు అనుకుంటే దానికి 1 బదులు 0 ఇవ్వండి, మిగతావి అలాగే ఉంచండి. మొదటి అధ్యాపకుడి సగటు 3.25కి పడుతుంది, రెండో ఆమెది 3.45 దగ్గర నిలబడుతుంది. అలా కాకుండా 'చాలా బాగుంది' అని పిల్లాడు మనస్ఫూర్తిగా రాయడమే అరుదు, దానికి 5 బదులు 6 ఇవ్వాలి అనుకుంటే మొదటాయనకు 4.00, రెండో ఆమెకు 3.60 వస్తాయి. రెండు పద్ధతుల్లోనూ మెట్ల వరుస చెడలేదు, పిల్లల జవాబులూ మారలేదు. గెలిచినవాళ్లు మాత్రం మారిపోయారు. అంటే సమానమని చెప్పిన ఆ 3.50 పిల్లల మాట కాదు, మనం ఊహించుకున్న దూరాల మాట. ఇలాంటి చోట సగటు మీద ఏ నిర్ణయం తీసుకున్నా అది అన్యాయానికి దారి తీస్తుంది.

ఇది ఎక్కడ జరుగుతుందో ముందే కనిపెట్టే దారి ఉంది. సంఖ్యలను కింద నుంచి పోగేసుకుంటూ వెళ్లండి. 1 పెట్టినవాళ్లు ఎందరు, 2 గానీ అంతకన్నా తక్కువ గానీ పెట్టినవాళ్లు ఎందరు, 3 లోపు ఎందరు, 4 లోపు ఎందరు. మొదటాయనకు 10, 14, 16, 20. రెండో ఆమెకు 2, 6, 16, 36. మొదటి రెండు గళ్లలో ఆయన వైపు ఎక్కువ, మూడో గడిలో సమానం, నాలుగో గడిలో ఆమె వైపు ఎక్కువ. వరుసలు ఒకదాన్నొకటి దాటాయి. ఇలా దాటితే గెలుపోటములు మీరు ఇచ్చే అంకెల మీద ఆధారపడతాయని అర్థం.

దాటకపోతే? ఇంకో జంట చూడండి. మూడో అధ్యాపకురాలికి 5 నుంచి 1 దాకా 12, 16, 8, 3, 1 మంది. నాలుగో ఆయనకు 5, 13, 12, 6, 4 మంది. కింద నుంచి పోగేస్తే ఆమెకు 1, 4, 12, 28. ఆయనకు 4, 10, 22, 35. ప్రతి గడిలోనూ ఆయన వైపే ఎక్కువ, ఎక్కడా దాటలేదు. ఇలాంటప్పుడు పై మెట్టుకు పెద్ద అంకె అన్న నియమం ఒక్కటి పాటిస్తే చాలు, మీరు ఏ అంకెలు ఇచ్చినా ఆమె సగటే ఎక్కువ వస్తుంది. దీన్ని గణితంలో నిరూపించవచ్చు. ఆమెకు 3.88, ఆయనకు 3.23. సగటులతో టి-పరీక్ష చేసినా, ర్యాంకులతో పరీక్ష చేసినా పి-విలువ, అంటే నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా గానీ అంతకన్నా ఎక్కువ గానీ కనబడే అవకాశం, రెండింట్లోనూ 0.01 దగ్గరే వస్తుంది. ఇక్కడ సగటు వాడినందుకు ఎవరూ తప్పుపట్టలేరు. ఎవరిది పైన అన్న ప్రశ్నకు అది నిజాయితీగా జవాబిస్తోంది. ఎంత పైన అన్నది మాత్రం ఇక్కడ కూడా మన అంకెల మీదే ఆధారపడుతుంది.

ఇక మధ్యగతం సంగతి. సగటు వద్దనగానే చాలామంది మధ్యగతం తీసేద్దాం అంటారు. జవాబులను చిన్నదాని నుంచి పెద్దదాకా వరుసగా పేర్చి నడిమి జవాబు చూడటమే కదా, దూరాల గొడవే ఉండదు అని. చిన్న బ్యాచ్‌లో ఇది నిజంగా పనికొస్తుంది. ప్రాక్టికల్స్ బ్యాచ్‌లో తొమ్మిది మంది ఉండి, ఆరుగురు 4, ఒకరు 5, ఇద్దరు 1 పెడితే సగటు 3.44కు దిగిపోతుంది. మధ్యగతం 4. ఆ బ్యాచ్ మామూలుగా ఏమనుకుంటోందో 4 సరిగ్గా చెబుతుంది, ఆ ఇద్దరి సంగతి విడిగా కనుక్కోవచ్చు. కొందరు విపరీతంగా అటో ఇటో పెట్టి సగటును లాగేస్తారన్న భయం ఉన్నప్పుడు కూడా మధ్యగతమే మేలు.

కానీ మన మొదటి ఉదాహరణలో మధ్యగతం చేసే పని చూడండి. మొదటాయనకు 20వ జవాబు 4, 21వ జవాబు 5, కాబట్టి మధ్యగతం 4.5. అలాంటి మెట్టే ఫారంలో లేదు. 4 పెట్టిన నలుగురిలో ఒక్కరు 5 పెట్టి ఉంటే మధ్యగతం నేరుగా 5 అయ్యేది. రెండో ఆమెకు 4. అంటే పది మంది చేత 'అస్సలు బాగాలేదు' అనిపించుకున్న ఆయనే పైన నిలబడతాడు. ఆ పది మందీ 1 బదులు 3 పెట్టినా ఆయన మధ్యగతం కదలదు. అయిదే మెట్లున్న స్కేలులో మధ్యగతం చాలా మొద్దు కొలత. సగం మంది అధ్యాపకులకు 4 వస్తుంది, మిగతా సగానికి కూడా 4 వస్తుంది.

రెండు వేరు వేరు క్లాసులను పోల్చడానికి ర్యాంకు పరీక్షల్లో అందరూ వాడేది మాన్-విట్నీ. 1945లో విల్‌కాక్సన్, 1947లో మాన్, విట్నీ దీన్ని రూపొందించారు. ఇది మధ్యగతాలను పోలుస్తుందని చాలా పుస్తకాల్లో ఉంటుంది, మా పిల్లలూ పరీక్షల్లో అలాగే రాస్తారు. ఇది నిజంగా అడిగే ప్రశ్న వేరు. ఈ క్లాసు నుంచి ఒకరిని, ఆ క్లాసు నుంచి ఒకరిని తీస్తే ఎవరి జవాబు పైమెట్టులో ఉంటుంది? మన మొదటి జంటలో 40ని 40తో గుణిస్తే 1600 జతలు. అందులో 804 జతల్లో మొదటాయన జవాబు పైన, 216 జతల్లో సమానం. సమానమైన వాటిలో సగం ఆయన ఖాతాలో వేస్తే 912. అంటే 57 శాతం. ఆర్ సాఫ్ట్‌వేర్‌లో మూడు లైన్లతో ఇది వచ్చేస్తుంది.

```
a <- rep(1:5, c(10, 4, 2, 4, 20))
b <- rep(1:5, c(2, 4, 10, 20, 4))
wilcox.test(a, b, exact = FALSE)
```

డబ్ల్యూ విలువ 912, పి-విలువ సుమారు 0.27 వస్తాయి. `exact = FALSE` అని రాయడం ఎందుకంటే, అయిదు మెట్ల స్కేలులో సమానమైన జవాబులు కుప్పలుగా ఉంటాయి, వాటిని సర్దుబాటు చేసిన ఉజ్జాయింపు సూత్రమే ఇక్కడ వాడాలి. 0.27 అంటే ఇద్దరి మధ్య తేడా ఉందని చెప్పడానికి ఆధారం చాలదు.

ఈ ఫలితాన్ని ఎలా చదువుతాం అన్న దగ్గరే జాగ్రత్త కావాలి. సగటు తేడా లేదంది, ర్యాంకు పరీక్ష కూడా తేడా తేలలేదంది. కానీ ఒక క్లాసులో పది మంది, ఇంకో క్లాసులో ఇద్దరు 'అస్సలు బాగాలేదు' అన్న మాట అలాగే ఉంది. ఒక క్లాసు మొత్తంగా పైకి జరిగిందా, కిందికి జరిగిందా అన్నదే ర్యాంకు పరీక్ష పట్టుకుంటుంది. క్లాసు రెండుగా చీలిపోతే దానికి కనబడదు. దాన్ని కనిపెట్టడానికి ఏ పరీక్షా అక్కర్లేదు, అయిదు సంఖ్యలూ పక్కపక్కన వేసి చూస్తే చాలు. మన రిపోర్టుల్లో ఆ అయిదు సంఖ్యలే ఉండటం లేదు. నా అసలు బాధ అదే.

ఇంకో పొరపాటు తరచుగా జరుగుతోంది. ఒకే సెక్షన్ పిల్లలు తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు చెప్పే అధ్యాపకులందరికీ మార్కులు వేస్తారు. అంటే జవాబులు జతలుగా ఉన్నాయి, వాటిని వేర్వేరు గుంపులుగా చూడకూడదు. ఒకబ్బాయి చేయి ధారాళం, అందరికీ 5 పెడతాడు. ఇంకో అమ్మాయి ఎవరికీ 3 దాటి పెట్టదు. ఇక్కడ మాన్-విట్నీ సరిపోదు, మామూలు టి-పరీక్షా సరిపోదు. ఇద్దరు అధ్యాపకులను పోల్చాలంటే సైన్ పరీక్ష ఉంది. ఒక్కో విద్యార్థి ఎవరికి ఎక్కువ పెట్టాడో చూసి లెక్కపెట్టడమే. 40 మందిలో 22 మంది ఇద్దరికీ సమానంగా పెట్టారనుకోండి, వాళ్లను పక్కన పెట్టండి. మిగిలిన 18 మందిలో 14 మంది ఒకరి వైపు, నలుగురు ఇంకొకరి వైపు. నిజంగా తేడా లేకపోతే ఇది నాణెం ఎగరేసినట్టు 9కి 9 చుట్టూ ఉండాలి. 14కి 4 గానీ అంతకన్నా ఎక్కువ తేడా గానీ రెండు వైపుల్లో ఎటైనా వచ్చే అవకాశం 3 శాతం. కాబట్టి ఇది నమ్మదగ్గ తేడా. అయితే ఇలా చేయాలంటే ఒక్కో విద్యార్థి జవాబు ఒక్కో వరుసగా ఉండాలి. పేరు అక్కర్లేదు, వరుస చాలు. గూగుల్ ఫారం షీటులో అది ఉంటుంది. సగటులు రాసుకుని షీటు తీసేస్తే పోతుంది.

దశాంశాల గురించి కూడా చెప్పాలి. 40 మంది జవాబుల ప్రామాణిక విచలనం మామూలుగా 1 చుట్టూ ఉంటుంది. దాన్ని 40 వర్గమూలంతో భాగిస్తే సగటులో ఉండే ప్రామాణిక దోషం సుమారు 0.16. రెండు వేరు సెక్షన్ల సగటుల తేడాకు అది 0.22 అవుతుంది. అంటే 4.12 వచ్చిన ఆమెను 4.08 వచ్చిన ఆయన కంటే పై ర్యాంకులో వేయడానికి ఏ ఆధారమూ లేదు. వచ్చే బ్యాచ్‌లో ఇదే వరుస తారుమారైనా ఆశ్చర్యపోనక్కర్లేదు. క్లాసులో అందరూ జవాబిచ్చారు కదా, ఇంక దోషం ఎక్కడిది అని ఒక మిత్రుడు అడిగారు. మనం నిర్ణయం తీసుకునేది వెళ్లిపోయిన పిల్లల కోసం కాదు, రాబోయే పిల్లల కోసం. వాళ్లు ఇంకా జవాబివ్వలేదు.

సగటు వాడుకోవడానికి మంచి చోటు ఇంకొకటి ఉంది. 1932లో లైకర్ట్ ఈ పద్ధతి పెట్టినప్పుడు ఒక్క ప్రశ్న కోసం పెట్టలేదు. ఒకే విషయం మీద చాలా ప్రశ్నలు వేసి, ఒక్కో మనిషి జవాబులన్నీ కూడి, ఆ మొత్తాన్ని కొలతగా తీసుకున్నాడు. మన ఫారంలో పది ప్రశ్నలుంటే ఒక్కో విద్యార్థి మొత్తం 10 నుంచి 50 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. ఒక ప్రశ్నలోని మెట్ల ఎగుడుదిగుళ్లు పది ప్రశ్నల మీద కొంత సర్దుకుంటాయి. ఆ మొత్తాల సగటు తీయడం నాకు సమ్మతమే. కాకపోతే పది ప్రశ్నలూ ఒకే విషయాన్ని అడగాలి. సార్ టైముకు వస్తారా అన్నదాన్ని, చెప్పింది అర్థమవుతోందా అన్నదాన్ని కలిపి కూడితే వచ్చేది దేని కొలతో ఎవరికీ తెలియదు. పిల్లలు నిజంగా చదివి పెట్టారా అన్నదీ చూడాలి. కంప్యూటర్ ల్యాబులో వరుసగా కూర్చోబెట్టి పది నిమిషాల్లో ఫారం నింపించినప్పుడు చాలామంది ఒకే నిలువు గీత మీద పై నుంచి కిందికి టిక్కులు పెట్టేస్తారు. పది జవాబులూ 4, 4, 4 అని ఉన్న వరుసలు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. అవి సగానికి మించితే మీ దగ్గరున్నది పది ప్రశ్నల కొలత కాదు, ఒక్క ప్రశ్నే పదిసార్లు.

మీ నుంచి నేను కోరేది పెద్ద పనేమీ కాదు. వచ్చే సెమిస్టర్ రిపోర్టులో ఒక్కో అధ్యాపకుడి పేరు పక్కన సగటుకు ముందు అయిదు గళ్లు పెట్టండి. జవాబులు సి నిలువు వరుసలో ఉంటే 1 పెట్టినవాళ్ల లెక్కకు ఇది చాలు:

```
=COUNTIF(C2:C41,1)
```

చివరి అంకె మారుస్తూ పోతే అయిదు గళ్లూ నిండుతాయి. ఇద్దరిని పోల్చాల్సి వస్తే కింద నుంచి పోగేసి, వరుసలు దాటుతున్నాయో లేదో చూడండి. దాటకపోతే మీ సగటు మీరు వాడుకోండి, నాకు అభ్యంతరం లేదు. దాటితే ఆ ఇద్దరిని ఒకరి కింద ఒకరిని పెట్టకండి. 3.50 అనే గీతను మాత్రం తీసేయమని గట్టిగా కోరుతున్నాను. 3.48 వచ్చిన గెస్ట్ లెక్చరర్‌ను పంపించేసి 3.52 వచ్చిన వారిని ఉంచుకోవడానికి సమర్థన ఏ స్టాటిస్టిక్స్ పుస్తకంలోనూ దొరకదు.

మొదటాయన లాంటివారు మీ కాలేజీలో ఉంటే, అంటే 5 గడిలో ఇరవై, 1 గడిలో పది ఉంటే, ముందు ఆ పది మంది రాసిన మాటలు చదవండి. వాళ్లంతా తెలుగు మీడియంలో చదువుకుని వచ్చి ఆయన ఇంగ్లిష్ అందుకోలేకపోతున్నారా, ల్యాబులో వెనక వరుసలో కూర్చుంటున్నారా, మధ్యలో చేరినవాళ్లా? అది తేలాక ఆయనకు సంజాయిషీ నోటీసు ఇవ్వాలో, ఆ పది మందికి అదనపు క్లాసు పెట్టాలో మీరే నిర్ణయించండి. లెక్కలు చూడటంలో సాయం కావాలంటే ఏ కాలేజీకైనా వచ్చి మీ షీటు ముందు కూర్చుని చేసిపెడతాను.

ఇట్లు,
డిగ్రీ కాలేజీ స్టాటిస్టిక్స్ అధ్యాపకుడు,
అనంతపురం